15 మంది ఆడే సర్వర్‌కు ఏ ప్లాన్ సరిపోతుంది?

ప్రశ్న: చిలకలూరిపేట, ఒంగోలు స్నేహితులం 15 మందిమి మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ పెట్టుకోవాలనుకుంటున్నాం. 8 కోర్ల ప్లాన్ తీసుకోమంటున్నారు. అవసరమా?
– ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: అవసరం లేదండి. ముందు బ్యాండ్‌విడ్త్ చూద్దాం. మనిషికి సగటున అర మెగాబిట్ వేసుకుంటే 15 మందికి సెకనుకు 7.5 మెగాబిట్లు. రోజుకు 2 గంటలు ఆడితే నెలకు దాదాపు 200 జీబీ. కొత్త ప్రాంతాలకు పరుగెత్తేటప్పుడు వాడకం పెరుగుతుంది కాబట్టి రెట్టింపు ఉంచుకోండి.

అసలు చిక్కు ప్రాసెసర్‌తోనే. ఆట లెక్క చాలావరకు ఒకే థ్రెడ్‌పై నడుస్తుంది, కాబట్టి కోర్లు ఎన్నని కాదు, ఒక్క కోర్ వేగం ఎంతని అడగండి. సర్వర్ సెకనుకు 20 టిక్‌లు వేయాలి, అంటే ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లే. అందరూ ఆడుతున్నప్పుడు `/tick query` కొట్టండి. సగటు 50 దాటితే పగలగొట్టిన దిమ్మె మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అప్పుడు `server.properties`లో ఇలా మార్చండి:

```
view-distance=6
```

10 ఉంటే ఒక్కొక్కరి చుట్టూ 441 చంక్‌లు, 6కు 169 మాత్రమే. బ్యాండ్‌విడ్త్ కూడా తగ్గుతుంది. అందరూ ఒకేచోట ఉంటే ఆ చంక్‌లు ఉమ్మడి, తలో దిక్కుకు పోతేనే భారం.

ముంబై లేదా హైదరాబాద్ డేటా సెంటర్‌లో వేగవంతమైన 2 కోర్ల ప్లాన్‌ను ఒక్క నెలకే తీసుకుని, 15 మందీ ఉన్న రోజున కొలిచాకే ఏడాదికి కట్టండి.