మందు పేరు తెలిస్తే చాలునా?

(సేవా శిబిరాలకు వెళ్ళే మన విద్యార్థులు గ్రామ ఆరోగ్య సభలలో మాట్లాడవలసి వచ్చినపుడు ఉపయోగపడగలదని ఈ చిన్న ప్రసంగపాఠాన్ని సిద్ధపరచడమైనది. ఒక మాత్రల స్ట్రిప్పు, రెండు మూడు ఖాళీ సిరప్ సీసాలు చేతిలో ఉంచుకొని, చూపుతూ చెప్పడం మంచిది.)



మందుల దుకాణం ముందు నిలబడి మనం అడిగేవి సాధారణంగా రెండే: మందు పేరు, దాని ధర. పొట్లం మీద ఇంకేమి వ్రాసి ఉన్నదో చూసేవారు తక్కువ. వ్రాత ఆంగ్లంలో ఉంటుంది, అక్షరాలు చీమలంత ఉంటాయి, నిజమే. అయినా మనకు కావలసినదంతా దాదాపు అంకెలలోనే ఉన్నది. అంకెలు మీ అందరికీ వచ్చును. ఇంట్లో బడికి వెళ్ళే పిల్లవాడుంటే మిగిలిన నాలుగక్షరాలు వాడు చదివి పెడతాడు.

మొదట తేదీ సంగతి. పొట్లం మీద రెండు తేదీలుంటాయి. ఎమ్, ఎఫ్, జి అనే అక్షరాల ప్రక్కనున్నది మందు తయారైన నెల. ఇ, ఎక్స్, పి అనే అక్షరాల ప్రక్కనున్నది గడువు ముగిసే నెల. తొందరలో ఒకదానిని చూసి రెండవదనుకోవడం కద్దు. ఉదాహరణకు మొదటిచోట 09/2025 అనీ, రెండవచోట 08/2027 అనీ ఉన్నదనుకోండి. ఆ మందు 2027 ఆగస్టు నెల చివరి రోజు వరకు పనికివస్తుంది. ఆగస్టు మొదటి తేదీనాడే పారవేయనక్కరలేదు, సెప్టెంబరులో వాడనూ కూడదు.

ఇంతవరకు సులభమే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మనలో చాలామంది స్ట్రిప్పు మొత్తం కొనరు. పది మాత్రలున్న స్ట్రిప్పులో నాలుగు చాలునంటారు. దుకాణదారు కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. తేదీ ముద్రించినది చాలా స్ట్రిప్పులలో ఒక కొసన మాత్రమే. ఆ కొస దుకాణంలో మిగిలిపోతే, మనకు వచ్చిన ముక్క మీద సగం పేరు తప్ప మరేమీ ఉండదు. రెండు మాత్రలు వాడి రెండు గూటిలో పెడతాము. ఏడాది తరువాత ఎవరికో జ్వరం వస్తే ఆ రెండూ బయటికి వస్తాయి. అవి ఏ మాత్రలో, ఎన్నాళ్ళవో చెప్పగలవారు ఆ ఇంట్లో ఉండరు.

కాబట్టి కత్తెర పెట్టకముందే స్ట్రిప్పు మొత్తం చేతికి తీసుకొని తేదీ చూడండి. తేదీ ఉన్న కొస మీకు దొరకకపోతే బిల్లు అడగండి. సరిగా వ్రాసిన బిల్లులో మందు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ మూడూ ఉంటాయి. మిగిలిన మాత్రలను ఆ బిల్లులోనే చుట్టి దాచుకోండి. అడిగితే దుకాణదారు విసుక్కుంటాడని మొహమాటపడేవారున్నారు. చీర కొనేటపుడు పది మడతలు విప్పించి చూసే మనకు ఇక్కడ మొహమాటమెందుకో నాకు బోధపడదు. మాత్ర గది చిరిగి ఉన్నా, మాత్ర మెత్తబడినా, రంగు మారినా, సీసా మూత సీలు తెగి ఉన్నా తీసుకోకండి.

ఇక అంతకంటె ముఖ్యమైనది పిల్లల సిరప్. జ్వరానికిచ్చే పారాసిటమాల్‌నే తీసుకుందాం. ఒకే పేరుతో ఈ మందు మూడు విధాల సీసాలలో దొరుకుతుంది. ఒకదాని మీద 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాముల మందు ఉన్నదని వ్రాసి ఉంటుంది. రెండవదానిలో అదే 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుంటుంది. చంటిపిల్లల కోసం చేసిన చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటుంది. చూడడానికి అన్నీ తియ్యని రంగునీళ్ళే.

పది కిలోల బరువున్న బిడ్డకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు ఇమ్మని డాక్టరు చెప్పినాడనుకుందాం. ఇది లెక్క కోసం చెబుతున్న మాట. మీ బిడ్డ మోతాదు మీ డాక్టరే చెప్పాలి. మొదటి సీసా అయితే 6 మిల్లీలీటర్లు పోయాలి. రెండవదైతే 3 చాలును. చుక్కల మందైతే ఒకటిన్నర మాత్రమే. ఇప్పుడొక తల్లి మొదటి సీసాతో 6 మిల్లీలీటర్లు పోయడం అలవాటు చేసుకున్నది. ఈసారి దుకాణంలో ఆ సీసా లేక, అదే పేరుగల చుక్కల మందు ఇచ్చినారు. పేరు చూసి నమ్మి ఆమె మళ్ళీ 6 మిల్లీలీటర్లే పోసినది. బిడ్డ కడుపులోకి వెళ్ళినది 600 మిల్లీగ్రాములు! అంటే రోజంతటిలో నాలుగు మార్లుగా ఇవ్వదగిన మందు ఒక్కసారే వెళ్ళినదన్నమాట. పూటపూటకూ ఇదే జరిగితే కాలేయం చెడిపోతుంది, ఆ చెడుపు మొదటి రోజు పైకి కనిపించకపోవచ్చును.

అందుచేత సీసా మారినప్పుడల్లా పేరుతోపాటు ఆ రెండంకెలను చూడండి: ఎన్ని మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములు? అవి మునుపటి సీసా మీది అంకెలతో సరిపోకపోతే ఎంత పోయాలో మళ్ళీ అడిగి తెలుసుకోండి. కొలతకు ఆ సీసాతో వచ్చిన మూతనో గొట్టాన్నో వాడాలి. వంటింటి చెంచాలు ఇంటికొక పరిమాణంలో ఉంటాయి. మరొక మాట. అనేక జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి అని రెండూ ఇస్తే ఒకే మందు రెండింతలైనట్లే. కొన్ని జలుబు మందుల మీద నాలుగేండ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని స్పష్టంగా ముద్రించి ఉంటుంది, అదీ చూసుకోవాలి.

పొడిగా వచ్చే యాంటీబయాటిక్ సీసాలది వేరే కథ. కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకు పోసి, బాగా కుదిపి, నురుగు దిగిన తరువాత తగ్గినంత మళ్ళీ పోయాలి. సీసా మీది గడువు తేదీ పొడికి మాత్రమే వర్తిస్తుంది. నీళ్ళు కలిపిన తరువాత దాని ఆయుష్షు చాలా వాటికి ఏడు రోజులే. కచ్చితంగా ఎన్ని రోజులో లేబులు మీదనే ఉంటుంది. 2027 దాకా గడువున్నదని కిందటి నెల కలిపిన మందును ఇవ్వకూడదు. కలిపిన తేదీని సీసా మీద పెన్నుతో వ్రాసి పెట్టుకోండి.

వ్రాత చదివినంతమాత్రాన మందులోని దోషాలన్నీ తెలుస్తాయని నేను చెప్పను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గుమందు త్రాగి పసిబిడ్డలు మరణించినారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం ఉన్నదని పరీక్షాశాలలో తేలినది. కంటికిగాని నాలుకకుగాని అది తెలియదు. అటువంటపుడు అధికారులు ప్రకటించేది ఫలానా మందు, ఫలానా బ్యాచి నంబరు అని. సీసా మీద బి అక్షరంతో మొదలయ్యే మాట ప్రక్కనున్న ఆ నంబరుతో పోల్చుకోగలవారు సీసా దాచుకున్నవారే. కనుక మందు అయిపోయినా బిడ్డ పూర్తిగా కోలుకునేవరకు సీసా పారవేయకండి. మందు త్రాగిన బిడ్డకు మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడి ఉన్నా ఆ సీసాను వెంటబెట్టుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు చేతికి ఇవ్వండి.