సన్న గొట్టానికి రబ్బరు దుప్పటా?

గీజరు నుంచి వంటింటి సింకు దాకా వచ్చే సన్న రాగి గొట్టానికి దళసరి రబ్బరు చుట్టించావు. అయినా నీళ్లు మునుపటికంటే చల్లగా వస్తున్నాయని దిగులా? ముందు ఈ టీ తాగు. కప్పులో కాలిపోతుంటే సాసరులో పోసుకుంటాం కదా, ఎందుకు? పరుచుకుంటే గాలికి ఎక్కువ చోటు దొరికి త్వరగా చల్లారుతుందని. నీ గొట్టానికీ అదే జరిగింది!

దాని వ్యాసార్థం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. లోపల నీళ్లు 60 డిగ్రీలు, గది 25. ఉత్త గొట్టమైతే మీటరుకు సుమారు 6.6 వాట్ల వేడి పోతుంది. రబ్బరుతో వ్యాసార్థాన్ని 15 మిల్లీమీటర్లు చేశావా, 12.6 వాట్లు పోతుంది. దాదాపు రెట్టింపు! రబ్బరు వేడిని కొంత ఆపుతుంది, నిజమే. కానీ గాలికి తగిలే పైభాగం అయిదింతలైపోయింది.

అయితే పట్టుకుంటే గోరువెచ్చగానే ఉందే అంటావా? మనమంతా మోసపోయేది అక్కడే. పైన 38 డిగ్రీలే ఉన్నా, అంత వెడల్పు మీంచి వేడి కారిపోతోంది. చేతిని నమ్మకు. కుళాయి దగ్గర నీళ్లకు థర్మామీటరు పెట్టి, రబ్బరు ఉన్నప్పుడూ తీసేశాకా చూడు.

మరి ఎంత లావుదాకా ఈ తంటా? వస్తువు వేడిని పంపే గుణాన్ని, గాలి వేడిని లాక్కునే గుణంతో భాగిస్తే వచ్చేదే క్రిటికల్ రేడియస్. రబ్బరుకు సుమారు 0.15, కదలని గాలికి సుమారు 10 వేసుకుంటే 15 మిల్లీమీటర్లు. అక్కడిదాకా చుట్టేకొద్దీ నష్టం పెరుగుతుంది, ఆ తర్వాతే తగ్గుతుంది. అదీ ఎంత నెమ్మదిగా అనుకున్నావు? మళ్లీ ఉత్త గొట్టం స్థాయికి రావాలంటే 40 సెంటీమీటర్లకు పైగా మందం కావాలి. వంటింట్లో అంత చోటెక్కడిది మనకి?

అందుకే రబ్బరు తీసేసి ఫోమ్ గొట్టం తొడుగు. దాని గుణం 0.035 మాత్రమే, క్రిటికల్ రేడియస్ 3.5 మిల్లీమీటర్లే. అంతే లావుకి నష్టం 4.2 వాట్లకు దిగుతుంది. తడవనీయకు సుమా, నీళ్లు పీలిస్తే ఫోమ్ గుణం పాడవుతుంది. మేడమీది సోలార్ హీటరు నుంచి వచ్చే అరంగుళం గొట్టమైతే ఈ బెంగే అక్కర్లేదు. అది ముందే 3.5 దాటేసింది కాబట్టి ఫోమ్ ఎంత చుట్టినా లాభమే.

ఇంకోమాట. కరెంటు తీగకు ఇదే వరం. తీగమీది పల్చని పీవీసీ తొడుగు షాకు నుంచి కాపాడుతూనే తీగనీ చల్లబరుస్తుంది. ఆ ధైర్యంతో ఎక్స్‌టెన్షన్ తీగను చుట్టగా ఉంచి ఇస్త్రీపెట్టె పెట్టేవు! చుట్టలో లోపలి వరసలకు గాలి తగలదు. మొత్తం విప్పి వాడమ్మా.