చుక్క తర్వాత ఏముందో చెప్పండి

ఊళ్లో ఉన్నది మీరొక్కరే అయితే, పొలం కాగితాల సారాంశం ఇంగ్లీషులో రాసి పంపే పని మీ మీదే పడుతుంది. అమెరికాలో ఉన్న అక్క ఆ ఒక్క పేజీని నమ్మి వాటాకు ఒప్పుకుంటుంది. అందుకే భాష సంగతి తర్వాత, ముందు అంకెలు సరిచూసుకోండి.

తెలంగాణ పాత పహాణీలో మీ నాన్నగారి పేరు మీద విస్తీర్ణం 3.15 అని ఉందనుకుందాం. అది 3 ఎకరాల 15 గుంటలు. దాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి పంపితే అక్క దశాంశంగా చదువుతుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అసలు విస్తీర్ణం 3.375 ఎకరాలు. తేడా 9 గుంటలు, గుంటకు 121 గజాల చొప్పున 1,089 గజాలు. రోడ్డు పక్క పొలంలో ఇది చిన్న తేడా కాదు! ముగ్గురు తోబుట్టువులు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి 45 గుంటలు, అంటే 1 ఎకరం 5 గుంటలు. సారాంశంలో ఎకరాలు, గుంటలు విడివిడిగా రాసి, పక్కన దశాంశం ఇవ్వండి. 3.1550 అని నాలుగంకెలు కనిపిస్తే కంగారు పడకండి, అవి పదిహేనున్నర గుంటలు.

ఆంధ్రలోని అడంగల్‌లో మాత్రం చుక్క తర్వాత ఉండేవి సెంట్లు, ఎకరానికి 100. అక్కడ 3.15 అంటే 3.15 ఎకరాలే. ఏ లెక్కో అనుమానం వస్తే అదే పేజీలోని మిగతా వరుసలు చూడండి. చుక్క తర్వాత రెండంకెలే ఉండి, అవి 40 గానీ ఆపైన గానీ ఉంటే అవి గుంటలు కావు.

ఇక పేర్లు. పట్టాదారు గడిలో నాన్నగారు, అనుభవదారు గడిలో చిన్నాన్న ఉంటే ఇద్దరినీ ఓనర్లని రాయకండి. చిన్నాన్న పేరు వదిలేయనూ వద్దు. పట్టా ఎవరిది, పొలం ఎవరి అనుభవంలో ఉన్నట్టు రాశారు, అది ఏ ఏడాది పహాణీ, ఈ మూడూ చెప్పండి. చిన్నాన్న కౌలుకు చేస్తున్నాడని మీకు తెలిసినా, కాగితంలో లేనప్పుడు దాన్ని 'నాకు తెలిసింది' అని కింద వేరే పేరాలో పెట్టండి. పొలంలో మీకూ వాటా ఉంది. రెండూ కలిపేస్తే మీ మాటే రికార్డు మాటగా చలామణి అవుతుంది.

కోర్టు ఉత్తర్వైతే చివరి భాగం ముందు చదవండి. కోర్టు ఏం ఆదేశించిందో సాధారణంగా అక్కడే ఉంటుంది. పైన ఉన్న ఒక పక్షం వాదననే తీర్పనుకుని రాసేస్తుంటారు చాలామంది. పార్టిషన్ దావాలో ప్రాథమిక డిక్రీ వాటాలు ఎంతెంతో తేలుస్తుంది. ఎవరి ముక్క ఎటువైపో తేలేది తుది డిక్రీలో. 'కేసు గెలిచాం' అని పంపితే అక్క అమ్మకం మాట ఎత్తుతుంది. ఏ డిక్రీ, ఏ తేదీ, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్నవి రాసి, మూల ప్రతి అన్ని పేజీలూ స్కాన్ చేసి జతచేయండి. సంతకాల దాకా వస్తే సారాంశం చాలదు, లాయరు సరిచూసిన పూర్తి అనువాదం పంపండి.