నాలుగులో రెండు గెలిస్తే ఎంతొస్తుంది?

సెంటినరీ కాలనీలో ఐపీఎల్ సీజన్ రాగానే "నాలుగు పెట్టు, రెండు తగిలినా సేఫే" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. నిజమో కాదో లెక్కేసి చూద్దాం.

నాలుగు మ్యాచ్‌లు, ఒక్కోదాంట్లో ఒక టీమ్. ఒక్కో టీమ్‌ని తీసుకోవడం 1, వదిలేయడం 0 అనుకోండి. మనకి తెలిసిన నాలుగు బిట్లే. మొత్తం 16 కలయికలు. ఖాళీది తీసేస్తే 15. సింగిల్స్ నాలుగూ తీసేస్తే 11: ఆరు డబుల్స్, నాలుగు ట్రెబుల్స్, ఒక ఫోర్‌ఫోల్డ్. బ్రిటన్ బుకీలు 11 బెట్లదాన్ని యాంకీ అంటారు, 15 బెట్లదాన్ని లక్కీ 15 అంటారు.

ఒక్కో బెట్‌కి 10 రూపాయలు. గెలిచిన రెండింటి రేట్లు 3, 2.5 (పెట్టిన డబ్బు కూడా ఇందులోనే). ఓడినది ఒక్కటి కలిసినా ఆ బెట్ మొత్తం పోతుంది. కాబట్టి యాంకీలో మిగిలేది ఒకే ఒక్క డబుల్.

10 × 3 × 2.5 = 75

పెట్టింది 110. అంటే 35 నష్టం. రెండు రేట్ల గుణకారం 11 దాటితేనే లాభం.

లక్కీ 15లో సింగిల్స్ 30, 25 కూడా వస్తాయి. మొత్తం 130, కానీ పెట్టింది 150. ఇక్కడా 20 నష్టమే. రేట్లు a, b అయితే:

ab + a + b > 15

రెండు వైపులా 1 కలిపితే (a+1)(b+1) > 16. రెండు రేట్లూ సరిగ్గా 3 అయితే లాభం లేదు, నష్టం లేదు.

స్క్రీన్‌ మీద "మీరు గెలిచారు: 75" అని కనపడితే, పక్కన 110 రాసుకుని చూడండి. ఇంకోటి, తెలంగాణలో 2017 చట్ట సవరణతో ఆన్‌లైన్ బెట్టింగ్ నేరం. ఇది లెక్క వరకే.