అరవై పైసల వడ్డీ

తణుకు,
16 జూన్ 2024.

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. లెక్కలు నోటితో చెబితే నిలవవు, అంచేత కాగితం మీద పెడుతున్నాను.

నీకు అర్థమయ్యేట్టు ముందు నీ సంగతే మళ్ళీ చెబుతాను, తప్పుంటే దిద్దు. ఇక్కడ జిరాక్స్ షాపు పెట్టుకున్న నీ స్నేహితుడికి కొత్త మెషీనుకి రెండు లక్షలు కావాలి, ఏడాదిలో తీరుస్తానంటున్నాడు. నీకు అదే మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్ ఈ నెలలో చేతికొస్తోంది. రూపాయి వడ్డీ ధర్మవడ్డీయే, ఎవరూ తప్పుపట్టరని మీ నాన్న అన్నాడు. స్నేహితుడి దగ్గర వడ్డీ ఏమిటి, ఊరికే ఇచ్చేస్తానని నువ్వంటున్నావు. మీ ఆఫీసులో ఒకాయన మాత్రం బ్యాంకు వడ్డీ ఏడు, ధరల పెరుగుదల ఐదు, రెండూ కలిపితే పన్నెండు, కాబట్టి నూటికి నెలకి రూపాయి సరిగ్గా సరిపోయిందని తేల్చాడు.

ఆ కూడికే తప్పు. ఎఫ్‌డీ వడ్డీలో ధరల పెరుగుదల అప్పటికే కలిసి ఉంటుంది. ధరలు పెరుగుతున్నాయి కాబట్టే బ్యాంకు ఆ మాత్రం ఇస్తోంది, లేకపోతే ఎవడూ డబ్బు తెచ్చి అక్కడ పెట్టడు. దాని మీద మళ్ళీ ధరలు కలపడమంటే ఒకే ఖర్చుని రెండుసార్లు రాయడం. స్టేట్ బ్యాంకులో ఇప్పుడు ఏడాది డిపాజిట్‌కి 6.8 శాతం. మూడు నెలలకోసారి వడ్డీ అసల్లో కలుస్తుంది గనక ఏడాది తిరిగేసరికి రెండు లక్షలకి 13,950 దాకా వస్తుంది, అంటే దరిదాపు ఏడు శాతం. మొన్న 12వ తారీకున కేంద్రం మే నెల ధరల లెక్క వదిలింది: ఏడాదిలో 4.75 శాతం పెరిగాయి. నిరుడు రెండు లక్షలకి వచ్చిన సరుకు ఇవాళ కొనాలంటే 2,09,500 కావాలి. అంటే డిపాజిట్ వేసినవాడికి ధరలు పోను నిజంగా మిగిలేది నాలుగు వేల నాలుగొందల చిల్లర. అదే రూపాయి వడ్డీ తీసుకుంటే 24,000 వస్తుంది, ధరలు తీసేశాక 14,500 మిగులుతుంది. బ్యాంకు దగ్గర దొరికేదానికి మూడు రెట్లు పైన. అది స్నేహితుడి దగ్గర తీసుకోవాల్సిన డబ్బా అన్నది నీకే తెలియాలి.

అయితే మీ నాన్నని తప్పుపట్టకు. ఆయన సంసారం మొదలెట్టిన రోజుల్లో ఆ మాట నిజమే. 1988లో వచ్చిన కిసాన్ వికాస్ పత్రం అయిదున్నరేళ్లకి రెట్టింపయ్యేది, అంటే ఏడాదికి పదమూడు శాతం పైమాటే. పోస్టాఫీసే అంత ఇస్తుంటే రూపాయి వడ్డీకి అప్పిచ్చినవాడు కాస్త నష్టానికే ఇచ్చినట్టు. ధరలు కూడా అప్పట్లో పదికి అటూ ఇటూ పెరిగేవి. ఇవాళ అదే పత్రం రెట్టింపు కావడానికి 115 నెలలు పడుతోంది, వడ్డీ 7.5 శాతం. పోస్టాఫీసు దిగింది, బ్యాంకు దిగింది. మన వీధుల్లో రూపాయి మాత్రం దిగలేదు. ఇంకా వెనక్కి వెళితే, మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1938లో రైతుల అప్పుల మీద ఒక చట్టం చేశారు. చట్టం వచ్చాక రైతు చేసిన అప్పుకి కోర్టు వేసే వడ్డీ, రూపాయికి ఏడాదికి ఒక అణా మించకూడదన్నారు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి ఆరుంపావు శాతం, అదీ బారువడ్డీ. ధర్మవడ్డీకి ఒకటే అంకె ఎప్పుడూ లేదు. ఆ ఏడు డబ్బు ఇంకెక్కడైనా భద్రంగా పెడితే ఏమొచ్చేదో అదే దాని కొలత. ఒప్పందంలో వడ్డీ ఊసే లేని బాకీ మీద కోర్టు వడ్డీ వేయాల్సి వస్తే, 1978 నాటి వడ్డీ చట్టం కూడా బ్యాంకులు డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీలనే హద్దుగా చూపిస్తుంది.

అందుకని నీ కింది హద్దు ఏడు శాతం. ఊరికే ఇస్తానంటావా, ఇయ్యి. కానీ ఎంత ఇస్తున్నావో తెలిసి ఇయ్యి. ధరలు ఇలాగే పెరిగితే ఏడాది తర్వాత తిరిగొచ్చే రెండు లక్షలు ఇవాళ్టి లక్షా తొంభై ఒక్క వేలతో సమానం. డిపాజిట్‌తో పోలిస్తే పద్నాలుగు వేలు వాడికి కానుక ఇచ్చినట్టు. వాళ్ళ అమ్మగారి ఆపరేషన్‌కి అడిగితే నేనే ఊరికే ఇమ్మనేవాణ్ణి. మెషీను రేపటినుంచి వాడికి సంపాదించి పెట్టేది. దానికి కానుక అక్కర్లేదు, వాడూ అడగలేదు.

ధరల లెక్కలో ఒక మెలిక ఉంది. మే నెలలో అన్ని సరుకులూ కలిపితే 4.75 గానీ, తిండి సరుకులు మాత్రమే చూస్తే 8.69 శాతం పెరిగాయి. మీ అత్తయ్య కూరగాయల సంచీ చూపించి ఆ ఏడు శాతం నీ కందిపప్పుకే చాలదంటుంది. ఆవిడ అన్నది అబద్ధం కాదు. కానీ ఆ పప్పు నీ స్నేహితుడూ కొంటున్నాడు. ధరలు మీ ఇద్దరి మీదా పెరిగాయి, వాడు పెంచలేదు. డిపాజిట్‌లో ఉంచినా నీకు ఆ నష్టం తప్పేది కాదు. 2020-21లో సరిగ్గా ఇదే జరిగింది. స్టేట్ బ్యాంకు ఏడాది డిపాజిట్‌కి 4.9 ఇస్తే, ధరలు సగటున 6.2 పెరిగాయి. రెండు లక్షల మీద బ్యాంకు వడ్డీ పది వేలు, ధరల దెబ్బ 12,400. అలాంటి ఏడాది ఎవరైనా అప్పడిగితే ధరల అంకె పట్టుకోమని చెప్పేవాళ్ళున్నారు. నా మాట మాత్రం డిపాజిట్ అంకె మీదే నిలబడమని. తేడా నువ్వు ఎలాగూ మింగేదే, దాన్ని వాడి పద్దులో రాయడం నాకు నచ్చదు. ధరల అంకె నీకు ఒక్క పనికే: డిపాజిట్ నిజంగా మిగులుస్తోందా, నెమ్మదిగా తినేస్తోందా అని చూసుకోవడానికి.

ఇక పై హద్దు. దాన్ని వాడికి ఇంకెక్కడ ఎంతకి దొరుకుతుందన్నది నిర్ణయిస్తుంది. బజార్లో నోటు మీద రెండు రూపాయలంటున్నారని వాడే నీకు చెప్పాడు, ఏడాదికి 24 శాతం. దాంతో పోల్చుకుంటే రూపాయి వడ్డీ దయలా కనబడుతుంది. వాళ్ళావిడ దగ్గర బంగారం ఉందో లేదో మర్యాదగా కనుక్కో. ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి తొమ్మిది శాతం చుట్టుపక్కల తెచ్చుకోవచ్చు. అలాంటివాడికి నువ్వు పన్నెండుకి ఇస్తే బ్యాంకు కంటే కఠినంగా ఉన్నట్టు లెక్క. అంచేత నీ బేరం ఏడుకీ తొమ్మిదికీ మధ్య. మన భాషలో చెప్పాలంటే నూటికి అరవై పైసలు. ఏడాదికి 7.2 శాతం, రెండు లక్షలకి నెలకి 1,200. బ్యాంకు ఇచ్చేదానికంటే నీకు నాలుగొందలయాభై ఎక్కువ, వాడికి తాకట్టు కంటే మూడు వేల ఆరొందలు తక్కువ. 2004లో సర్కారు డ్వాక్రా మహిళలకి పావలా వడ్డీ ఇచ్చినప్పుడు మిగతా వడ్డీ ఖజానా కట్టింది. నీకు కట్టిపెట్టే ఖజానా లేదు గనక పావలా దాకా దిగనక్కర్లేదు.

బ్యాంకులో ఐదు లక్షల దాకా డిపాజిట్‌కి బీమా ఉంది, స్నేహితుడికి లేదు కదా, ఆ భయానికి కొంత కలపొద్దా అంటావేమో. ఒకసారి లెక్క కట్టి చూడు. పదిమందికి తలా రెండు లక్షలిచ్చావు, ఒకడు పూర్తిగా ఎగ్గొట్టాడు. బ్యాంకులో వేసినంత రావాలంటే మిగతా తొమ్మిదిమందీ ఒక్కొక్కరు 37,700 వడ్డీ కట్టాలి. అది రూపాయిన్నర పైన. అంటే రూపాయిన్నర అడిగావంటే, పదిమందిలో ఒకడు ఎగ్గొట్టే జట్టులో వీణ్ణి వేసినట్టే. వ్యాపారం చేసేవాడికి పదిమంది ఉంటారు, నీకున్నది ఒక్కడు. వాడు ఎగ్గొడితే ఏ వడ్డీ రేటూ రెండు లక్షల్ని తిరిగి తేలేదు. భయం ఉంటే రేటు పెంచకు, మొత్తం తగ్గించు. లక్షే ఇయ్యి.

నెలనెలా అసలు కొంత కడతానన్నాడన్నావు, మంచిదే. అక్కడే స్నేహితులు తెలియక మోసపోతారు, మోసం చేస్తారు కూడా. అసలు నెలకి 16,667 చొప్పున పన్నెండు నెలల్లో తీరుస్తుంటే, వడ్డీ మిగిలిన అసలు మీదే వెయ్యాలి. మొదటి నెల 1,200, రెండో నెల 1,100, ఆఖరి నెల 100. మొత్తం 7,800. అలాకాక మొదట్లోనే ఏడాది వడ్డీ 14,400 లెక్కకట్టి, అసలుతో కలిపి పన్నెండుతో భాగించావనుకో, పేరుకి అరవై పైసలే గానీ నిజంగా పడేది పదమూడు శాతం, రూపాయి దాటిపోయింది. ఫైనాన్సు వాళ్ళ కార్డుల్లో ఉండేది ఈ లెక్కే. 7,800 తక్కువని నువ్వు కంగారుపడకు. తిరిగొచ్చిన వాయిదా నీ దగ్గరే ఉంది, దాన్ని మళ్ళీ డిపాజిట్‌లో వేసుకో.

నోటు రాయించు. మొహమాటపడకు, నోటు ఉంటేనే మాట తేడా రాదు. అచ్చు ఫారంలో నెలకి నూటికి ఇంత అని ఖాళీ ఉంటుంది, చాలామంది తర్వాత నింపుదామని వదిలేస్తారు. అక్కడ రూ. 0.60 అని అంకెల్లోనూ అరవై పైసలని అక్షరాల్లోనూ రాయించి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించు. రేటు రాయని నోటు మీద గడువు దాటిన రోజునుంచి 18 శాతం లెక్కకట్టమంటుంది చట్టం. వాడి కుటుంబంతో ఆ లెక్క నీకొద్దు. కట్టిన ప్రతి వాయిదా నోటు వెనకాల తారీకుతో రాసి వాడి చేత సంతకం పెట్టించు. డబ్బు మాత్రం ఖాతా నుంచి ఖాతాకే పంపు, తిరిగి తీసుకునేదీ అలాగే. ఇరవై వేలు, ఆ పైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా అప్పంత పడుతుంది. వచ్చిన వడ్డీ రిటర్నులో చూపించు. డిపాజిట్ వడ్డీ మీద కట్టే పన్నే దీని మీదా కడతావు, అంచేత పై లెక్కలేవీ మారవు.

ఏడాది దాటి ఇంకొన్ని నెలలు గడువడిగితే పాత రేటే పొడిగించకు. ఆ నెల స్టేట్ బ్యాంకు ఏడాది డిపాజిట్‌కి ఎంత ఇస్తోందో చూసి, మూడు నెలల వడ్డీ కలిపేది కూడా లెక్కలోకి తీసుకుని, దగ్గరున్న ఐదు పైసలకి సరిచేసి కొత్త నోటు రాసుకోండి. పెరిగితే పెంచు, తగ్గితే తగ్గించు. ఈ సంగతి వాడితో ముందే చెప్పు.

మీ అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది. డబ్బు పంపే ముందు నోటు నకలు నాకు వాట్సాప్‌లో పెట్టు, అంకెలు చూసి చెబుతాను.

ఇట్లు,
మావయ్య