మూడా, ఎనిమిదా? కాంటా చీటీలో అంకె తప్పు పట్టడం ఎలా?

మేళ్లచెరువు అనగానే బయటివాళ్లకు సున్నపురాయి, సిమెంటు లారీలే గుర్తొస్తాయి. కోతలు మొదలైతే అదే రోడ్డు మీద వడ్ల లారీలూ బారులు తీరతాయి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన పంట కోదాడ, మిర్యాలగూడ మిల్లుల వైపు కదులుతుంది. కాంటా దగ్గర ఒకరు చేత్తో రాస్తారు, ఇంకొకరు దాన్ని చూసి ట్రక్ షీట్ నింపుతారు, మరొకరు ట్యాబ్‌లోకి ఎక్కిస్తారు. మూడు చేతులు మారేసరికి 135 బస్తాలు 185 అయిపోవచ్చు. ఈ రాత పని కొత్తగా మీ మీద పడితే తప్పును ఎక్కడ, ఎలా పట్టుకోవాలో చూద్దాం.

మొదట రాసినవాళ్ల చేతిని చదవండి

చీటీ అందగానే అంకెలు ఎక్కించడం మొదలుపెట్టకండి. ముందు వరుస సంఖ్యల గడి చూడండి. అక్కడ 1 నుంచి వరసగా ఉంటాయి కాబట్టి ఏది ఏ అంకో అనుమానం ఉండదు. ఎనిమిది వరసలున్న చీటీ అయితే ఆ మనిషి 3, 5, 6, 8 ఎలా రాస్తాడో అన్నిటికీ నమూనా దొరికినట్టే. కొందరి 3 కొసలు లోపలికి వంగి దాదాపు మూసుకుంటాయి. కొందరు 8ని ఎడమ పక్క కలపకుండా వదిలేస్తారు. 5 పై గీత విడిగా గీసే అలవాటున్నవాళ్లు తొందరలో అది వదిలేసి, పొట్టను మాత్రం గుండ్రంగా చుట్టేస్తే అచ్చం 6 అవుతుంది. కార్బన్ కింద మూడో కాపీలో గీతలు పరుచుకుని ఇదంతా మరింత ముదురుతుంది. అందుకే వీలైతే పై కాపీ చూసే ఎక్కించండి.

ఎలక్ట్రానిక్ కాంటా తప్పు వేరే రకం. దాని తెర మీద ఒక్కో అంకె ఏడు చిన్న గీతలతో వెలుగుతుంది. 8కి ఏడూ వెలగాలి. ఎడమ పక్క రెండు నిలువు గీతలు పాడైతే 8 కాస్తా 3గా కనిపిస్తుంది. ఎడమ కింది గీత ఒక్కటే ఆరిపోతే 6 చూడటానికి 5లా ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆరిపోయిన గీత వల్ల 8 మూడవుతుంది గానీ, 3 ఎప్పుడూ ఎనిమిది కాదు. చేతిరాతలో తప్పు రెండు వైపులా జరుగుతుంది, తెర మీద మాత్రం ఒకే వైపు. చాలా కాంటాలు ఆన్ చేయగానే అన్ని గడుల్లో 8 గానీ, వరసగా అన్ని అంకెలు గానీ చూపిస్తాయి. ఆ రెండు క్షణాలు తెర వైపు చూస్తే ఏ గీత పోయిందో తెలిసిపోతుంది.

వరస వరసకూ ఒక లెక్క

ఇప్పుడు ఒక ట్రక్ షీట్ తీసుకుందాం. అంకెలు ఉదాహరణ కోసం వేసినవి. గన్నీ బరువు పోను బస్తాకు 40 కిలోలు.

1. 83 బస్తాలు, 3,320 కిలోలు
2. 156 బస్తాలు, 6,240 కిలోలు
3. 68 బస్తాలు, 2,720 కిలోలు
4. 135 బస్తాలు, 5,400 కిలోలు
5. 95 బస్తాలు, 3,800 కిలోలు
6. 113 బస్తాలు, 4,520 కిలోలు

మొత్తం 650 బస్తాలు, 26,000 కిలోలు.

ఒకే విషయాన్ని ఈ చీటీ రెండుసార్లు చెబుతోంది, బస్తాల్లో ఒకసారి, కిలోల్లో ఒకసారి. మన తనిఖీకి ఆధారం అదే. బస్తాలను నాలుగుతో గుణించి పక్కన సున్నా పెడితే కిలోలు రావాలి. నాలుగో వరసలో 135ని 185గా చదివారనుకోండి. 185 నాలుగుల 740, సున్నా పెడితే 7,400. పక్కన చూస్తే 5,400 ఉంది. కుదరలేదు, అంటే ఈ రెండిట్లో ఒకటి తప్పు చదివారు. ఏది తప్పో కూడా తేల్చుకోవచ్చు. 5,400 నుంచి సున్నా తీసి నాలుగుతో భాగిస్తే 135 వస్తుంది. చీటీలో అనుమానం ఉన్న అంకె ఎనిమిదా, మూడా అని మళ్లీ చూస్తే సరిపోతుంది.

ఒక జాగ్రత్త. బస్తాల గడి చూసి కిలోలు మీరే లెక్కగట్టి నింపితే ఈ తనిఖీకి అర్థం ఉండదు. తప్పు చదివిన 185కి తప్పు కిలోలు చక్కగా సరిపోతాయి. రెండు గడులనూ విడివిడిగా చీటీలోంచే చదవాలి.

తేడా ఎంతో చూస్తే తప్పు ఎక్కడో తెలుస్తుంది

కొన్ని చీటీల్లో కిలోల గడి ఉండదు, బస్తాలూ వాటి మొత్తమూ మాత్రమే ఉంటాయి. మీరు ఎక్కించినవి కూడితే 700 వచ్చింది, చీటీలో మొత్తం 650 ఉంది. చాలామంది ఇక్కడ మొదటి వరస నుంచి అన్నీ మళ్లీ చదవడం మొదలుపెడతారు. దానికంటే ముందు తేడా తీయండి. తేడా 50. అంటే పదుల స్థానంలో ఒక అంకె అయిదు పెరిగింది. మూడుకీ ఎనిమిదికీ తేడా అయిదే. మీ లెక్కే ఎక్కువ వచ్చింది కాబట్టి, మీరు రాసుకున్నదాంట్లో పదుల స్థానంలో 8 ఉన్న వరసలే అనుమానితులు. 83, 185 అలాంటివి. నాలుగుకీ తొమ్మిదికీ కూడా అయిదే తేడా కనుక 95నీ చేర్చండి. ఆరు వరసల్లో వెతకాల్సింది మూడింటికి తగ్గింది. వంద వరసల రిజిస్టరులో ఈ పద్ధతి విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

మిగతా జంటలూ ఇంతే. తేడా 6, 60, 600 అయితే 1ని 7గా చదివారా, 0ని 6గా చదివారా అని చూడాలి. తేడా 1, 10, 100 అయితే 5, 6 జంట మీద అనుమానం. అయితే ఇదొక్కటి కాస్త మోసం చేస్తుంది. కూడికలో చేతిలో ఉన్న ఒకటిని కలపడం మరిచిపోయినా తేడా 10 లేదా 100 వస్తుంది. అందుకే తేడా ఇలా ఉన్నప్పుడు ముందు కూడికను కింది నుంచి పైకి మరోసారి చేయండి, అది సరిగ్గా ఉంటేనే 5, 6ల కోసం వెతకండి. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే మాత్రం తారుమారు అయి ఉండొచ్చు. 68ని 86గా రాస్తే తేడా 18 వస్తుంది.

మొత్తం కలిసిందని వెంటనే నిశ్చింత పడకూడదు. 135ని 185గా, 83ని 33గా చదివితే ఒకటి 50 పెరిగి, మరొకటి 50 తగ్గి మొత్తం 650 దగ్గరే ఆగుతుంది. లారీ లెక్క సరిగ్గానే ఉంటుంది, నష్టపోయేది మొదటి వరస రైతు. అతని 50 బస్తాల డబ్బు నాలుగో వరస రైతు ఖాతాలో పడుతుంది. మొత్తం చూసే మనిషికి ఇది ఎన్నటికీ కనబడదు. వరస వరసకూ కిలోలు సరిచూడమన్నది ఇందుకే.

రేటు గడిలో తొమ్మిది శేషం

ఇక డబ్బు లెక్క. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369. రెండు రేట్లకూ మధ్య మారింది ఒక్క అంకె. అదీ ఒకదాన్ని ఇంకొకటిగా చదవడానికి వీలైన 6, 8 జంట! 54 క్వింటాళ్ల రైతుకు ఆ ఒక్క అంకె మీద 1,080 రూపాయలు తేడా వస్తుంది.

గుణకారాన్ని మళ్లీ చేయకుండా సరిచూసే పాత పద్ధతి ఒకటుంది. సంఖ్యలోని అంకెలన్నీ కూడుతూ ఒక్క అంకె వచ్చేదాకా పోవాలి, 9 వస్తే 0 అనుకోవాలి. మూడో వరస రైతువి 27.20 క్వింటాళ్లు. రేటు 2,389. సొమ్ము 64,980.80 రూపాయలు. రేటు అంకెలు కూడితే 22, మళ్లీ కూడితే 4. క్వింటాళ్లవి కూడితే 11, అంటే 2. నాలుగు రెళ్లు ఎనిమిది. సొమ్ము అంకెలు కూడితే 35, అంటే 8. కుదిరింది. దశాంశ బిందువును పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు రేటును 2,339గా చదివామనుకుందాం. అంకెల మొత్తం 17, అంటే 8. ఎనిమిది రెళ్లు పదహారు, అంటే 7. సొమ్ము 8 అంటోంది. తప్పు దొరికింది.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, 10, 100, 1000 దేన్ని తొమ్మిదితో భాగించినా ఒకటే మిగులుతుంది. కాబట్టి అంకె ఏ స్థానంలో ఉన్నా దానిలో వచ్చిన తేడా శేషంలో అలాగే బయటపడుతుంది. కూడికలో 0ని 9గా గానీ, 9ని 0గా గానీ చదివితే తప్ప, ఒక్క అంకె తప్పు ఏదైనా దొరుకుతుంది. అంకెలు తారుమారైతే మాత్రం దొరకదు, ఎందుకంటే మొత్తం మారదు కదా.

గుణకారంలో ఇంకో గోతి ఉంది. నాలుగో వరస చూడండి. 54 క్వింటాళ్లు, 2,389 రేటు, సొమ్ము 1,29,006. 54 శేషం 0. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే, కాబట్టి రేటు ఎంత తప్పుగా చదివినా ఈ తనిఖీ సరే అంటుంది. శేషం 3 గానీ 6 గానీ అయినా రేటులో కొన్ని తప్పులు తప్పించుకుంటాయి. ఏదైనా గడిలో శేషం 0, 3, 6ల్లో ఏది వచ్చినా ఆ వరసకు తొమ్మిది పద్ధతి వదిలేసి గుణకారమే చేయండి. క్యాలిక్యులేటరుతో అరనిమిషం పని.

వేబ్రిడ్జి సాక్ష్యం

లారీ వేబ్రిడ్జి ఎక్కినప్పుడు మన చీటీతో సంబంధం లేని మరో లెక్క వస్తుంది. నిండు లారీ 38,160, ఖాళీ లారీ 11,780, తేడా 26,380 కిలోలు అని రసీదు ఉందనుకోండి. మన చీటీ 26,000 అంటోంది. పైన ఉన్న 380 కిలోలు ఎక్కడివి? కొత్త జనపనార సంచి సుమారు 580 గ్రాములు ఉంటుంది. 650 సంచులకు 377 కిలోలు. సరిపోయింది. అదే మీ షీట్‌లో 700 బస్తాలుంటే వేబ్రిడ్జి మీద 28,400 దాకా రావాలి. రెండు టన్నుల తేడా దాగదు. అయితే ఒకటి రెండు బస్తాల తప్పు ఇక్కడ తేలదు. తేమ, డీజిల్, లారీ ఎక్కిన మనుషుల బరువుల్లో అది కలిసిపోతుంది.

మొత్తం లేని అంకెలు

ఖాతా నంబరుకు కూడిక లేదు, గుణకారం లేదు. పక్కన సరిచూసుకోవడానికి మరో గడీ లేదు. ఆధార్ నంబరు నయం. దాని 12 అంకెల్లో చివరిది మొదటి పదకొండు నుంచి లెక్కగట్టి వచ్చిన తనిఖీ అంకె. డచ్ గణితవేత్త వెర్‌హోఫ్ 1969లో ఇచ్చిన పద్ధతి అది. ఒక్క అంకె తప్పయినా, పక్కపక్క అంకెలు తారుమారైనా లెక్క కుదరదు, ఆ పద్ధతితో సరిచూసే యంత్రం తిప్పికొడుతుంది. ఖాతా నంబరు దగ్గర అలాంటి కాపలా ఉందని నమ్ముకోవద్దు. పాస్‌బుక్ చూసి ఒకరు నాలుగేసి అంకెల చొప్పున చదవాలి, ఇంకొకరు తెర మీద ఉన్నది వెనక్కి చదివి చెప్పాలి. ఒకే మనిషి రెండుసార్లు చూస్తే మొదటిసారి మూడుగా కనబడ్డ ఎనిమిది రెండోసారీ మూడుగానే కనబడుతుంది.

తప్పు దొరికాక 3 మీదే గీతలు కలిపి 8 చేయకండి, కింది కాపీలో అది ఏ అంకో ఎవరూ చెప్పలేరు. సంఖ్య మొత్తాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పైన కొత్తగా రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టండి. రైతు చేతిలో ఉన్న కాపీలో కూడా అలాగే దిద్ది ఇవ్వండి.