వాట్సాప్‌కు రెండో తాళం, బీరువాలో పది నంబర్లు

హోసూరు సిప్కాట్‌లో కొన్ని కంపెనీలు లైన్ మీదికి ఫోన్ తీసుకెళ్లనివ్వవు. లాకర్లో పెట్టి లోపలికి వెళ్తే మళ్లీ షిఫ్ట్ దిగాకే చేతికొస్తుంది. ఆ ఎనిమిది గంటలూ ఇంట్లో ఏదైనా అనుమానం వస్తే అడగడానికి మనిషి ఉండడు. ఫోన్ మోసగాళ్లకు అనువైన సమయం ఇలాంటిదే.

ఒక ఇల్లు అనుకుందాం. భర్త ఫస్ట్ షిఫ్ట్‌లో ఉన్నాడు. మరిది కృష్ణగిరిలో మామిడి మండీలో పనిచేస్తాడు. పొద్దున పదకొండింటికి మరిది వాట్సాప్ నుంచి మెసేజ్ వచ్చింది: “వదినా, నా నంబర్ కొట్టబోయి మీది కొట్టేసినాను. మీ ఫోనుకు ఆరంకెల నంబర్ ఒకటి వచ్చింటుంది, రవ్వంత పంపించండి, అర్జంటు.” చూస్తే నిజంగానే ఒక ఎస్సెమ్మెస్ వచ్చి ఉంది. ఫోటో మరిదిదే, పిలిచిన తీరూ మరిదిదే. ఆమె ఆ ఆరంకెలు పంపింది. కాసేపటికే ఆమె వాట్సాప్ మూసుకుపోయింది. ఆ తర్వాత ఆమె పేరుమీద చుట్టాలందరికీ ఒకటే మెసేజ్: “ఆస్పత్రిలో ఉన్నాము, ఎనిమిది వేలు వేయండి, సాయంత్రం ఇచ్చేస్తాను.”

జరిగింది ఇదీ. మరిది వాట్సాప్ అంతకుముందే దొంగ చేతికి పోయింది. ఆ దొంగ తన ఫోన్లో వాట్సాప్ తెరిచి ఈమె నంబర్ కొట్టాడు. ఆ నంబర్ నిజంగా ఎవరిదో తేల్చుకోవడానికి వాట్సాప్ ఆ నంబర్‌కే ఆరంకెలు పంపుతుంది. వాటిని తిరిగి కొట్టినవాళ్లే దాని లెక్కలో సొంతదారు. కాబట్టి మనం ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు అలాంటి నంబర్ వచ్చిందంటే, ఎవరో మన పేరుతో లోపలికి రావడానికి చూస్తున్నారని అర్థం. దాన్ని మరిదికీ చెప్పకూడదు, బ్యాంకువాళ్లమన్నవాళ్లకూ చెప్పకూడదు. అడిగింది మరిదేనా అని తేల్చుకోవాలంటే వాట్సాప్‌లో అడిగితే లాభం లేదు, అక్కడ జవాబిచ్చేది దొంగే. మామూలు కాల్ చేసి గొంతు వినాలి. షిఫ్ట్‌కు వెళ్లేవాళ్లు, తాము దొరకనప్పుడు ఎవరికి ఫోన్ చేసి అడగాలో ఇంట్లో ముందే ఒక పేరు చెప్పిపెట్టాలి.

పొరపాటున ఆ ఆరంకెలు చెప్పేసినా దొంగ ఆగిపోయేలా వాట్సాప్‌లో రెండో తాళం ఉంది. Settings తెరిచి, Account లోకి వెళ్లి, Two-step verification నొక్కండి. ఆరంకెల పిన్ ఒకటి మీరే పెట్టుకోమంటుంది. ఇది ఎస్సెమ్మెస్‌లో రాదు, మీ తలలోనే ఉంటుంది. కొత్త ఫోన్లో మీ నంబర్ తెరవాలంటే ఇకనుంచి వచ్చిన నంబర్ కాక ఈ పిన్ కూడా కొట్టాలి. పుట్టినరోజు, ఫోన్ తెరిచే నంబర్, యూపీఐ పిన్ ఇక్కడ వాడొద్దు. పిన్ పెట్టాక ఈమెయిల్ అడ్రస్ ఇవ్వమంటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు, దాటొద్దు. పిన్ మరిచిపోతే ఆ మెయిల్ ద్వారానే మార్చుకోవచ్చు. అది లేకపోతే ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది. మనం మరిచిపోకుండా వాట్సాప్ అప్పుడప్పుడు పిన్ అడుగుతుంది, అది కొత్తవాళ్లను భయపెడుతుంది. వాట్సాప్ లోపల అడిగితే కొట్టండి. ఎవరైనా కాల్ చేసి అడిగితే చెప్పకుండా ఫోన్ పెట్టేయండి.

ఈ తాళం పట్టని దారి ఒకటి ఉంది. కంప్యూటర్లో వాట్సాప్ చూసుకోవడానికి మన ఫోన్‌తో జత చేస్తాం కదా, అలా ఎవరైనా మన ఫోన్‌ను వాళ్ల కంప్యూటర్‌కు జత చేయించుకుంటే పిన్ అడగదు. అందుకే Linked devices అప్పుడప్పుడు తెరిచి చూడాలి. మీకు తెలియని కంప్యూటర్ కనిపిస్తే దాన్ని నొక్కి Log out చేయండి. జెరాక్స్ షాపులో ప్రింట్ కోసం తెరిచి వదిలేసినవి కూడా అక్కడే బయటపడతాయి.

వాట్సాప్ పోయిందని తెలిస్తే వెంటనే మీ ఫోన్లో మీ నంబర్ కొట్టి, వచ్చిన ఆరంకెలు వేయండి. అంతటితో దొంగ బయటికి పోతాడు. వాడు ఈలోపు తన పిన్ పెట్టేసి ఉంటే మీరు లోపలికి రావడానికి ఏడు రోజులు పట్టవచ్చు, కానీ ఆ ఏడు రోజులూ వాడూ లోపల ఉండడు. చుట్టాలకు మామూలు కాల్స్ చేసి చెప్పండి. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే, పంపినవాళ్లు షిఫ్ట్ దిగేదాకా చూడకుండా అప్పుడే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో రాయాలి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపించగలరు. గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది.

ఇక జీమెయిల్. దాన్ని మన కార్మిక కుటుంబాల్లో ఎవరూ పెద్దగా తెరవరు, ఫోన్ కొన్నప్పుడు షాపువాడు పెట్టిచ్చిందే ఉంటుంది. పాస్‌వర్డ్ కూడా అతను పెట్టిందే. కానీ మిగతా ఎన్నో పాస్‌వర్డ్‌లు మరిచిపోతే మార్చుకోవడానికి లింక్ వచ్చేది ఆ మెయిల్‌కే. పిల్లల ఫోటోలు, ఫోన్ నంబర్లు ఉండేదీ అక్కడే. కాబట్టి ముందు దాని పాస్‌వర్డ్ మార్చండి. పాప పేరు, పుట్టిన సంవత్సరం వద్దు. టీఎన్ 70తో మొదలయ్యే బండి నంబరూ వద్దు, అది రోడ్డుమీద అందరికీ కనిపిస్తుంది. ఒకదానికొకటి పొత్తులేని నాలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి: `rolu-gulabi-metlu-kandili` లాంటిది. ఇదే పెట్టుకోకండి, మీ మాటలు మీరు ఏరుకోండి. పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఊహించడం కష్టం, మీకు మాత్రం గుర్తుంటుంది. దీన్ని ఇంకెక్కడా వాడొద్దు. ఏదో బట్టల సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు బయటికి పోతే, దొంగలు అవే పాస్‌వర్డ్‌లు జీమెయిల్‌లో కూడా కొట్టి చూస్తారు.

తర్వాత myaccount.google.com లో Security కింద 2-Step Verification ఆన్ చేయండి. కొత్త ఫోన్లో ఎవరైనా మీ పాస్‌వర్డ్ కొడితే, “ఇది మీరేనా” అని మీ ఫోన్లో అడుగుతుంది. మీరు కొట్టనప్పుడు అడిగితే కాదని నొక్కి, పాస్‌వర్డ్ మార్చేయండి. మరి ఆ ఫోనే బెంగళూరు బస్సులో పోతే? దానికోసం అక్కడే Backup codes అని పది నంబర్లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ కూడా నోటుబుక్కులో రాసి పెట్టుకోవచ్చు. ఎక్కడో కూర్చున్న దొంగకు మీ బీరువా అందదు. ఫోటో తీసి ఫోన్లో దాచడం, ఫోన్ కవర్ వెనక చీటీ పెట్టడం మాత్రం వద్దు. ఫోన్ పోతే అవీ దాంతోనే పోతాయి.

ఇవన్నీ మీ ఫోన్ నంబర్‌ను నమ్ముకుని ఉన్నాయి. పని మారి హోసూరు నుంచి బెంగళూరుకో, చిత్తూరుకో వెళ్లినవాళ్లు కొత్త సిమ్ తీసుకుని పాతదానికి రీఛార్జ్ మానేస్తుంటారు. కొన్ని నెలలు వాడని నంబర్‌ను కంపెనీ ఆపేసి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తుంది. బ్యాంకులో, జీమెయిల్‌లో ఇంకా ఆ నంబరే ఉంటే మీ ఆరంకెలు ముక్కూముఖం తెలియని మనిషికి పోతాయి. పాత సిమ్ పనిచేస్తుండగానే ముందు బ్యాంకుకు వెళ్లి నంబర్ మార్పించండి, తర్వాత జీమెయిల్‌లో, ఆ తర్వాత వాట్సాప్‌లో Account కింద ఉన్న Change number లో మార్చండి. ఆ మూడూ అయ్యాకే పాత సిమ్ తీసేయండి.